ఆట ఆడుతూ పాటలు వినేవాళ్లకి: అడుగుల చప్పుడు పోకుండా వాల్యూమ్ సర్దుకోవడం – తరచుగా అడిగే ప్రశ్నలు

కన్సోల్‌లోనో కంప్యూటర్‌లోనో ఆడుతూ వెనకాల పాటలు పెట్టుకోవడం తేలికే. పాట మోగుతున్నా ఆటలో వినాల్సింది వినపడేలా చూసుకోవడంలోనే కష్టమంతా ఉంది. అందుకే ఈ ప్రశ్నలన్నీ ముఖ్యంగా షూటింగ్ ఆటల్ని దృష్టిలో పెట్టుకుని రాశాను. అక్కడ ఎదుటివాడి అడుగుల చప్పుడు వినపడకపోతే రౌండ్ పోయినట్టే. అక్కడ సర్దుకోగలిగితే మిగతా ఆటల్లో ఇబ్బంది ఉండదు.

రెండు స్లయిడర్లూ ఒకే చోట పెట్టినా పాటే గట్టిగా ఎందుకు వినిపిస్తుంది?

పాటనీ ఆటనీ తయారుచేసేవాళ్లు వేర్వేరు శబ్దస్థాయిల్ని లక్ష్యంగా పెట్టుకుంటారు కాబట్టి. సగటు శబ్దస్థాయిని కొలవడానికి లఫ్స్ అనే కొలత వాడతారు. సున్నాకి దగ్గరయ్యే కొద్దీ శబ్దం ఎక్కువని అర్థం. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో ప్రతి పాటనీ దాదాపు −14 లఫ్స్‌కి తెచ్చి వినిపిస్తుంది. ఇంట్లో ఆడే కన్సోల్ ఆటలకి సోనీ ఆడియో బృందం సూచించిన స్థాయి −24 లఫ్స్, అటూ ఇటూ రెండు.

అంటే మీరేమీ ముట్టుకోకముందే పాట ఆటకంటే పది డెసిబెల్స్ పైన ఉంది. పది డెసిబెల్స్ తేడా అంటే మన చెవికి సుమారు రెట్టింపు శబ్దం. ఆటల్ని అలా తగ్గించి తయారుచేయడానికి కారణం ఉంది. గడ్డి మీద నడక నుంచి బాంబు పేలుడు దాకా అన్నీ ఒకే సౌండ్‌ట్రాక్‌లో పట్టాలి. పేలుడుకి పైన చోటు వదలాలంటే సగటు కిందే ఉండాలి. పాటకి ఆ అవసరం లేదు, అది మొదటి నుంచి చివరిదాకా ఇంచుమించు ఒకే ఎత్తులో సాగుతుంది.

చాలామంది ఇక్కడ ఆట వాల్యూమ్ పెంచుతారు. అది వద్దు. సగటు పెరిగితే పేలుళ్లూ పెరుగుతాయి, దెబ్బ చెవికే తగులుతుంది. ఎప్పుడూ పాటనే దించాలి.

అయితే ఎక్కడ మొదలుపెట్టాలి? ఒక ఉదాహరణతో చెప్పండి.

విండోస్ 11 కంప్యూటర్, చెవుల్ని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు, జట్టుగా ఆడే షూటింగ్ ఆట, పాటలకి స్పాటిఫై అనుకుందాం.

ముందు పాట లేకుండా ఆట తెరవండి. ప్రాక్టీస్ మోడ్‌లోకి వెళ్లి, ఆటలో ఉన్న అతి గట్టి తుపాకీ పేల్చండి. అది చెవికి ఇబ్బంది కలగని చోట విండోస్ వాల్యూమ్ పెట్టి, ఇక దాన్ని కదపకండి. తరవాత చేసే సర్దుబాట్లన్నీ ఈ స్థాయి మీద ఆధారపడి ఉంటాయి.

తరవాత స్పాటిఫై సెట్టింగ్స్‌లో Normalize volume ఆన్ చేయండి. ప్రీమియం ఖాతా ఉంటే దాని కిందే Volume level అని కనిపిస్తుంది, అక్కడ Quiet ఎంచుకోండి. దీంతో పాట −14 నుంచి −19కి దిగుతుంది. పది డెసిబెల్స్ తేడా ఐదుకి వచ్చింది. అంతకంటే పెద్ద లాభం ఏమిటంటే, ఒక పాట మెత్తగా మరో పాట గట్టిగా రాకుండా అన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి. ఇది లేకపోతే ఈ పాటకి సరిపోయిన స్లయిడర్ తర్వాతి పాటకి సరిపోదు.

ఇప్పుడు Win + Ctrl + V నొక్కితే యాప్‌ల వారీగా వాల్యూమ్ స్లయిడర్లు వస్తాయి. ఆటని 100 దగ్గరే ఉంచి, స్పాటిఫైని 10కి దించండి. స్నేహితుణ్ని ప్రాక్టీస్ మ్యాప్‌లోకి పిలిచి గోడ వెనకాల నడవమనండి. ఇందుకు మీ సొంత అడుగులు పనికిరావు, ఎందుకంటే చాలా ఆటల్లో అవి దగ్గరగా, గట్టిగా వినిపిస్తాయి. స్నేహితుడు నడుస్తుండగా పాటని ఐదేసి చొప్పున పెంచుతూ పోండి. కళ్లు మూసుకుని, అతను ఎటువైపు ఉన్నాడో ప్రతిసారీ చెప్పండి.

చప్పుడు పూర్తిగా మునిగిపోవడానికి చాలా ముందే దిక్కు తెలియడం మానేస్తుంది. ఉదాహరణకి 35 దాకా అడుగులు వినబడుతూనే ఉంటాయి, కానీ 25 దాటాక కుడో ఎడమో, ముందో వెనకో తేల్చుకోలేరు. అలాంటప్పుడు మీ హద్దు 25, 35 కాదు. అక్కడి నుంచి ఇంకో మెట్టు దిగి 20 దగ్గర ఆపండి. ఈ అంకెలు మీ హెడ్‌ఫోన్లని బట్టీ ఆటని బట్టీ మారతాయి. కానీ దిక్కు తప్పిన చోటునే హద్దుగా తీసుకోవడం అన్నిటికీ పనిచేస్తుంది.

పాట బాగా తగ్గించాను. అయినా అడుగులు అందులో కలిసిపోతున్నాయి. ఎందుకు?

పాటలోని బేస్ వల్ల. గట్టిగా ఉన్న తక్కువ పౌనఃపున్యపు శబ్దం తనకంటే పైనున్న శబ్దాల్ని కప్పేస్తుంది, కిందివాటిని అంతగా కప్పదు. మన లోపలి చెవి పనితీరే అంత. బూటు నేలకి తగిలిన బరువు కింది పౌనఃపున్యాల్లో ఉంటుంది. కంకర గరగర, చెక్క టకటక దానికి కాస్త పైన ఉంటాయి. కిక్ డ్రమ్, బేస్ గిటార్ మోగుతుంటే మొదటిది వాటిలో కలిసిపోతుంది, రెండోది వాటి కింద దాగిపోతుంది.

కంప్యూటర్‌లోని స్పాటిఫై యాప్‌లో Equalizer ఉంది. అందులో 60 హెర్ట్జ్, 150 హెర్ట్జ్ పట్టీల్ని బాగా దించండి, 400 దగ్గర కొద్దిగా తగ్గించండి. పాట కాస్త పలచబడుతుంది, కానీ మొత్తం వాల్యూమ్‌ని ఇంకా దించాల్సిన పని తప్పుతుంది. ఇది పాటకి మాత్రమే చేయాలి. హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్‌లోని ఈక్వలైజర్‌లో చేస్తే ఆట బేస్ కూడా పోతుంది, అడుగుల బరువు దానితోపాటే పోతుంది.

పాటల ఎంపిక కూడా ఇక్కడ తేడా తెస్తుంది. జట్టుతో మాట్లాడుతూ ఆడేటప్పుడు, మీకు అర్థమయ్యే భాషలోని సాహిత్యం జట్టు మాటలతో పోటీ పడుతుంది. చెవికి రెండూ వినబడుతూనే ఉంటాయి, మనసు మాత్రం ఒకదాన్నే పట్టుకుంటుంది. ర్యాంక్ మ్యాచ్‌లకి వాద్యసంగీతమే నా సలహా. వీణ, వేణువు, పియానో లాంటివి బేస్ తక్కువగా ఉంటాయి, మాటలకీ అడ్డురావు. గాత్రం, డ్రమ్స్ దట్టంగా ఉన్న పాటల్ని కార్ల ఆటలకో, నింపాదిగా ఊళ్లు కట్టుకునే ఆటలకో దాచుకోవచ్చు.

ఆటలోని సొంత మ్యూజిక్ ఆపేయాలా?

చాలావరకు ఆపేయాలి. రెండు సంగీతాలు ఒకేసారి, వేర్వేరు శ్రుతుల్లో, వేర్వేరు తాళాల్లో మోగితే వినడానికే బాగుండదు. ఆట ఆడియో సెట్టింగ్స్‌లో Music స్లయిడర్‌ని సున్నా చేయండి, SFX, Dialogue, Voice లాంటివి అలాగే ఉంచండి. ఒక్క Master స్లయిడర్ మాత్రమే ఉన్న ఆటల్లో మాత్రం ఇది కుదరదు.

కానీ సంగీతమే కబురు చెప్పే ఆటలు కొన్నుంటాయి. దాక్కుని సాగే ఆటల్లో కాపలావాడికి అనుమానం వస్తే సంగీతం బిగుసుకుంటుంది, అతను వెతకడం మానితే సద్దుమణుగుతుంది. సాహసయాత్రల్లో కనిపించని శత్రువు దగ్గరికొచ్చాడని తెలిసేది పోరాట సంగీతం మొదలైనప్పుడే. అలాంటి ఆటలో మ్యూజిక్ సున్నా చేస్తే ఒక హెచ్చరికని చేతులారా తీసేసినట్టు. అక్కడ ఆపాల్సింది మీ పాటనే. కథ ముఖ్యమైన ఆటని మొదటిసారి ఆడుతున్నప్పుడు కూడా నేను బయటి పాటలు పెట్టను. ఆ సంగీతాన్ని ఆ సన్నివేశం కోసమే కట్టారు.

ఆట సెట్టింగ్స్‌లో Dynamic Range అని ఉంది. పాటలు వింటున్నప్పుడు ఏది పెట్టాలి?

చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ మధ్య దూరం ఎంతుండాలో అది నిర్ణయిస్తుంది. Home Theater లేదా Wide అంటే దూరం ఎక్కువ. Night Mode, Midnight, Narrow లాంటివి ఆ దూరాన్ని కుదిస్తాయి, అంటే పేలుళ్లు దిగుతాయి, గుసగుసలు పైకొస్తాయి. పేర్లు ఆటని బట్టి మారతాయి.

వెనకాల పాట ఉన్నప్పుడు దూరం తక్కువ ఉన్నదే ఎంచుకోండి. పాట ఎప్పుడూ ఒక ఎత్తులో పరుచుకుని ఉంటుంది, ఆటలో ఆ ఎత్తుకి కింద పడే ప్రతి చప్పుడూ మునిగిపోతుంది. కింది చప్పుళ్లని పైకి లేపితే అవి పాట పైన తేలుతాయి. దీనివల్ల పోయేదీ ఉంది: దగ్గరి చప్పుడుకీ దూరపు చప్పుడుకీ తేడా తగ్గుతుంది కాబట్టి శత్రువు ఎంత దూరంలో ఉన్నాడో అంచనా వేయడం కాస్త కష్టమవుతుంది. బాగా పోటీగా ఆడేవాళ్లు పాట ఆపేసి Wide వైపు వెళ్లడానికి ఇదొక కారణం.

ప్లేస్టేషన్ 5లో పాట వాల్యూమ్ ఎక్కడ మార్చాలి?

ఆట నడుస్తుండగా పీఎస్ బటన్ ఒకసారి నొక్కితే కంట్రోల్ సెంటర్ వస్తుంది. అందులో Music తెరిచి స్పాటిఫైనో యాపిల్ మ్యూజిక్‌నో ఎంచుకోండి. పాట మార్చడం, ఆపడం, దాని వాల్యూమ్ దించడం అన్నీ అక్కడే. ఆ పక్కనే Sound లో కనిపించే ఆట–చాట్ బ్యాలెన్స్‌ని చూసి చాలామంది పొరబడతారు. అది స్నేహితుల గొంతుకీ ఆటకీ మధ్య తూకం, పాటకి సంబంధం లేదు.

ముందు చెప్పిన Normalize volume సదుపాయం టీవీలు, స్పీకర్ల వంటి ఇతర పరికరాల్లోని స్పాటిఫైకి వర్తించదని ఆ సంస్థే చెబుతోంది. అందుకే కన్సోల్‌లో పాత పాట పక్కన కొత్త పాట వస్తే ఒక్కసారిగా గట్టిగా అనిపించవచ్చు. మార్గం ఒక్కటే: ఒకే కాలానికి, ఒకే తరహాకి చెందిన పాటలతో ఆటకోసం విడిగా ప్లేలిస్ట్ కట్టుకోండి. స్లయిడర్‌ని అందులోని అతి గట్టి పాటకి సర్దండి.

ఫోన్ దగ్గరుంటే మరీ సుఖం. ఫోన్‌లోని స్పాటిఫైలో పరికరాల జాబితా తెరిచి ప్లేస్టేషన్‌ని ఎంచుకుంటే, ఆట నుంచి బయటికి రాకుండానే పాటలు మార్చుకోవచ్చు.

ఎక్స్‌బాక్స్‌లో?

దాదాపు అంతే. ముందు స్పాటిఫై యాప్‌లో పాట మొదలుపెట్టి, తరవాత ఆట తెరవండి, పాట వెనకాల నడుస్తూ ఉంటుంది. ఎక్స్‌బాక్స్ బటన్ నొక్కితే వచ్చే గైడ్‌లో Audio & music భాగంలో పాట వాల్యూమ్ విడిగా ఉంటుంది. ఫోన్ నుంచి నడిపే పద్ధతి ఇక్కడా పనిచేస్తుంది.

నింటెండో స్విచ్‌లో స్పాటిఫై దొరకడం లేదు.

స్విచ్‌లో వెనకాల పాటలు వినిపించే యాప్ లేదు. 2024లో వచ్చిన నింటెండో మ్యూజిక్ కూడా ఫోన్ యాప్, స్విచ్‌ది కాదు. కాబట్టి పాట ఫోన్ నుంచే రావాలి. ఒకేసారి రెండు మార్గాల్లో శబ్దం అందుకునే హెడ్‌సెట్లున్నాయి: యూఎస్‌బీ డాంగిల్ స్విచ్‌కి పెట్టి, బ్లూటూత్‌ని ఫోన్‌కి కలుపుతారు. రెండూ హెడ్‌సెట్‌లోనే కలుస్తాయి, ఫోన్ వాల్యూమ్ బటన్లే మీ పాట స్లయిడర్. కొనేముందు రెండూ ఒకేసారి వినిపిస్తాయా, లేక ఒకదాన్నుంచి ఇంకోదానికి మారతాయా అన్నది తప్పక చూసుకోండి. చూడటానికి ఒకేలా ఉన్నా ఈ రెండు రకాలూ వేరు.

కంప్యూటర్‌లో స్నేహితుడు మాట్లాడగానే పాటా ఆటా రెండూ సన్నబడిపోతున్నాయి. ఏం చేయాలి?

ఇది విండోస్ తనంతట తాను చేసే పని. కాల్ నడుస్తోందని గుర్తిస్తే మిగతా శబ్దాల్ని 80 శాతం తగ్గించే సెట్టింగ్ ఒకటి అందులో ఉంది. Win + R నొక్కి ఇది టైప్ చేయండి:

```
mmsys.cpl
```

వచ్చిన కిటికీలో Communications ట్యాబ్‌కి వెళ్లి Do nothing ఎంచుకోండి. అయినా తగ్గుతుంటే డిస్కార్డ్ వాయిస్ సెట్టింగ్స్‌లో Attenuation చూడండి. అది కూడా ఎవరైనా మాట్లాడినప్పుడు మిగతా యాప్‌ల శబ్దాన్ని దించుతుంది. దాన్ని సున్నా చేయండి. రెండిట్లో ఏది కారణమో ఇలా తెలుస్తుంది: మనిషి మాట్లాడినంతసేపే తగ్గి, ఆపగానే తిరిగొస్తే డిస్కార్డ్‌ని ముందు చూడండి. కాల్‌లో చేరినప్పటి నుంచి బయటికొచ్చేదాకా తగ్గే ఉంటే విండోస్‌ని ముందు చూడండి.

బ్లూటూత్ హెడ్‌ఫోన్లతో మైక్ ఆన్ చేయగానే పాట పాత టెలిఫోన్‌లో విన్నట్టు అయిపోతోంది.

హెడ్‌ఫోన్లు పాడవలేదు. మామూలు బ్లూటూత్‌లో స్టీరియో పాటకి ఒక పద్ధతి, మాట్లాడటానికి ఇంకో పద్ధతి ఉంటాయి. మైక్ వాడటం మొదలవగానే మొత్తం రెండో పద్ధతికి మారుతుంది. అది మోనో, నాణ్యత కూడా తక్కువ. పాట సంగతి అలా ఉంచితే, మోనో అయ్యాక అడుగులు ఎటు నుంచి వస్తున్నాయో తెలిసే దారే లేదు. పరిష్కారం సులువు. హెడ్‌ఫోన్ల మైక్‌ని వదిలేసి యూఎస్‌బీ మైక్‌నో, ల్యాప్‌టాప్ సొంత మైక్‌నో డిస్కార్డ్‌లోనూ ఆటలోనూ Input device గా ఎంచుకోండి. హెడ్‌ఫోన్లు స్టీరియోకి తిరిగొస్తాయి.

మ్యూజిక్ యాప్ తెరవగానే ఆట శబ్దం పూర్తిగా ఆగిపోతోంది.

అత్యధిక నాణ్యతతో వినిపించే కొన్ని యాప్‌లు సౌండ్ పరికరాన్ని తమ ఒక్కరికే రాసిచ్చినట్టు పట్టుకుంటాయి. ఆ యాప్ సెట్టింగ్స్‌లో Exclusive mode ఉంటే ఆపేయండి. లేదంటే పైన చెప్పిన `mmsys.cpl` లోనే మీ హెడ్‌ఫోన్ల Properties తెరిచి, Advanced ట్యాబ్‌లో Allow applications to take exclusive control of this device అన్న టిక్ తీసేయండి.

ఆట మధ్యలో స్లయిడర్ తెరవడం కుదరదు. చేతికి అందేలా ఏదైనా ఉందా?

గేమింగ్ హెడ్‌సెట్ మీద ఆట–చాట్ చక్రం ఉంటే దాన్ని పాటకి వాడుకోవచ్చు. అలాంటి హెడ్‌సెట్లలో చాలావాటిని విండోస్ రెండు వేర్వేరు పరికరాలుగా చూపిస్తుంది, పేర్లలో Game అనీ Chat అనీ ఉంటుంది. Volume mixer లో స్పాటిఫై వరస తెరిచి Output device గా Chat ని ఎంచుకోండి. ఆటని Game లోనే ఉంచండి. ఇక చక్రం ఒకవైపు తిప్పితే పాట పెరుగుతుంది, ఇంకోవైపు తిప్పితే ఆట పెరుగుతుంది. చివరి ఇద్దరు మిగిలినప్పుడు వేలితో ఒక్క తిప్పు తిప్పితే చాలు, రౌండ్ అయ్యాక మళ్లీ పాట.

దీనికి రెండు హద్దులున్నాయి. కొన్ని హెడ్‌సెట్లలో Chat మార్గం మోనో, పాట చప్పగా ఉంటుంది. రెండోది, స్నేహితుల గొంతు కూడా Chat లోనే ఉంటే పాటతోపాటు అదీ దిగిపోతుంది, అందుకే డిస్కార్డ్‌ని Game వైపు మార్చాలి. చక్రం లేనివాళ్లకి కీబోర్డ్‌లోని ప్లే–పాజ్ మీట ఉంది. దాన్ని కళ్లు తిప్పకుండా నొక్కడం అలవాటు చేసుకోండి.

పాటలు స్ట్రీమ్ చేస్తే పింగ్ పెరుగుతుందా?

మామూలు కనెక్షన్ మీద పెరగదు. సెకనుకి 320 కిలోబిట్ల అధిక నాణ్యతలో కూడా పాటకి గంటకి సుమారు 144 ఎంబీ చాలు. అదే పాటని వీడియో రూపంలో బ్రౌజర్‌లో పెడితే డేటా చాలా ఎక్కువ పోతుంది, గ్రాఫిక్స్ కార్డు మీదా కొంత భారం పడుతుంది. కనెక్షన్ బలహీనంగా ఉంటే ప్లేలిస్ట్‌ని ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

పాట ఉన్నట్టుండి ఆగిపోతోంది, ఆట మాత్రం బాగానే నడుస్తోంది.

ముందు ఇంట్లోవాళ్లని అడగండి. ఒక స్పాటిఫై ఖాతా మామూలుగా ఒకసారికి ఒకచోటే మోగుతుంది. ఇంకెవరైనా అదే ఖాతాతో ఫోన్‌లో పాట మొదలుపెడితే మీ కన్సోల్‌లో ఆగిపోతుంది. ఎవరి ఖాతా వాళ్లకుంటే ఈ సమస్య ఉండదు.

నా ఆటని రికార్డ్ చేసి అప్‌లోడ్ చేస్తాను. పాట కూడా అందులో పడుతుందా?

కంప్యూటర్‌లో మొత్తం డెస్క్‌టాప్ శబ్దాన్ని రికార్డ్ చేస్తే పడుతుంది. పడితే కాపీరైట్ ఫిర్యాదు రావచ్చు, వీడియో మ్యూట్ కావచ్చు. మీరు కట్టే చందా వినడానికే, ప్రసారం చేయడానికి కాదు. ఓబీఎస్ వాడేవాళ్లు 2022లో వచ్చిన 28వ వెర్షన్ నుంచి Application Audio Capture అనే సోర్స్‌తో ఒక్క ఆట శబ్దాన్నే తీసుకోవచ్చు. అది జతచేశాక ఆడియో మిక్సర్‌లో Desktop Audio ని మ్యూట్ చేయడం మరవకండి. లేదంటే ఆట శబ్దం రెండుసార్లు పడుతుంది, పాట కూడా వెంట వస్తుంది. సరిచూసుకోవడానికి అర నిమిషం రికార్డ్ చేసి, పాట గట్టిగా మోగుతుండగా ఓబీఎస్ మిక్సర్ పట్టీలు చూడండి. ఆటని పాజ్ చేసినా పట్టీ పాట తాళానికి ఊగుతుంటే పాట ఇంకా ఏదో దారిలో లోపలికి వస్తోందన్నమాట.